ఈగలు తోలే రోజున పదకొండు ట్రేడ్లు

గుంటూరులో ఒక సబ్‌బ్రోకర్ ఆఫీసులో నేను తొమ్మిదేళ్లు డీలర్‌గా చేశాను. మార్కెట్ కదలని రోజుల్ని అక్కడ ఈగలు తోలే రోజులనేవాళ్లం. ఫోన్లు మోగవు. టీ కుర్రాడు మూడోసారి వచ్చి ఖాళీ గ్లాసులు ఏరుకుపోతాడు. గోడ మీద టీవీలో పొద్దున చెప్పిందే మధ్యాహ్నం కూడా చెబుతుంటారు. అలాంటి రోజుల్లో పదకొండు దాటగానే మా ఓనరు గదిలోంచి తొంగిచూసి ఒకటే మాట అనేవాడు: "నాలుగు ఫోన్లు కొట్టండయ్యా, ఎవరైనా ఏదైనా చేస్తారేమో." క్లయింటు కొన్నా బ్రోకరేజే, అమ్మినా బ్రోకరేజే. అతను ఊరికే కూర్చుంటేనే మాకు నష్టం.

మేం ఫోన్ చేస్తే సగం మంది ఏదో ఒకటి కొనేవాళ్లు. కొనాలని ముందే అనుకుని కాదు. వాళ్లూ అప్పుడు కొట్లోనో, ఇంట్లోనో తోచక కూర్చుని ఉండేవాళ్లు కాబట్టి. ఆ రోజుల్లో ఒక్క మేలు మాత్రం ఉండేది. క్లయింటు షేరు పేరు చెప్పాలి, ఎన్నో చెప్పాలి, ధర చెప్పాలి. నేను వాటిని తిరిగి చదివి "చేసేయమంటారా?" అని అడగాలి. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయి "ఉండండి, మళ్లీ చేస్తా" అని ఫోన్ పెట్టేసినవాళ్లు చాలామంది. ఇప్పుడా ప్రశ్న అడిగేవాడు లేడు. వేలు ఒకసారి పక్కకి జరిపితే ఆర్డర్ వెళ్లిపోతుంది. మేం బలవంతాన చేయించిన పనిని ఇవాళ జనం తమంతట తామే చేసుకుంటున్నారు.

ఇదంతా గుర్తొచ్చింది మా మేనల్లుడి వల్ల. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి లక్షన్నరతో నిఫ్టీ ఆప్షన్లు చేస్తున్నాడు. 2025 జులైలో ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మావయ్యా, నా స్ట్రాటజీలో ఎక్కడో తేడా ఉంది, కాస్త చూడవా" అన్నాడు. స్ట్రాటజీ తర్వాత చూద్దాం, ముందు జూన్ నెల ట్రేడ్ బుక్ తియ్యమన్నాను. డీలర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

జూన్‌లో మార్కెట్ 21 రోజులు నడిచింది. వాడి ట్రేడ్లు 146. కొని అమ్మితే ఒక ట్రేడ్ అని లెక్క. 21 రోజుల్నీ ఒక్కొక్కటిగా చూస్తూ నిఫ్టీ పొద్దుటి నుంచి ఇరుకుగా తిరిగిన రోజుల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. అలాంటివి 8 తేలాయి. ఆ 8 రోజుల్లోనే 81 ట్రేడ్లు ఉన్నాయి. బాగా కదిలిన 13 రోజుల్లో 65. మార్కెట్ కదిలినప్పుడు రోజుకు ఐదు, కదలనప్పుడు పది. వేట దొరకని రోజునే ఎక్కువ తూటాలు పేల్చాడన్నమాట.

ఆ ఎనిమిదింటిలో ఒక రోజును విడదీసి చూశాం. వాడి పద్ధతి సులువైనదే. మొదటి పావుగంటలో ఏర్పడిన గరిష్ఠం దాటితే కాల్ కొంటాడు, కనిష్ఠం కిందికి పోతే పుట్ కొంటాడు. ఎప్పుడూ ఒక్క లాటే, ప్రీమియం వంద రూపాయల చుట్టుపక్కల ఉన్న స్ట్రైకే. ఆ రోజు 9:40కి కాల్ కొన్నాడు. ఎనిమిది రూపాయల స్టాప్‌లాస్ తగిలింది, 600 పోయాయి. 10:35కి కిందికి తెగితే పుట్ కొన్నాడు. పన్నెండు రూపాయలొచ్చాయి, 900. రెండూ పద్ధతి ప్రకారం చేసినవే, వంక పెట్టడానికి లేదు. 10:50కి చేతిలో 300 లాభం ఉంది.

ఆ తర్వాత 11:10 నుంచి 3:05 దాకా తొమ్మిది ట్రేడ్లు. రెండు రూపాయల లాభం, మూడు నష్టం, ఒకటిన్నర లాభం, నాలుగు నష్టం, మూడు లాభం, రెండు నష్టం, ఐదు నష్టం, రెండున్నర లాభం, మూడు నష్టం. అన్నీ కలిపితే లాట్‌లో ఒక్కోదానికి ఎనిమిది రూపాయల నష్టం, అంటే 600. "తొమ్మిదింట్లో నాలుగు లాభాలే కదా, మరీ అంత ఘోరంగా ఏం లేదు" అన్నాడు మావాడు. కాంట్రాక్ట్ నోట్ తియ్యమన్నాను.

ఆ నోట్ చివరి పేజీని ఎవరూ చదవరు. మేం మాత్రం ఒక ట్రేడ్‌కి ఖర్చెంతో కాగితం మీద వేశాం. వంద రూపాయల ప్రీమియం, అప్పటి లాట్ 75, అంటే 7,500 పెట్టి కొని దాదాపు అంతకే అమ్మడం. బ్రోకరేజ్ ఆర్డర్‌కి 20 చొప్పున రెండు ఆర్డర్లకి 40. అమ్మకం మీద ఎస్‌టీటీ అప్పటి రేటు ప్రకారం 0.1 శాతం, ఏడున్నర రూపాయలు. ఎక్స్ఛేంజ్ ఛార్జీలు రెండు వైపులా కలిపి ఐదుంపావు. బ్రోకరేజ్, ఎక్స్ఛేంజ్ ఛార్జీల మీద 18 శాతం జీఎస్‌టీ ఎనిమిది రూపాయల పైచిలుకు. స్టాంప్ డ్యూటీ, సెబీ రుసుము పైసల్లో ఉంటాయి. మొత్తం 61 రూపాయలు. లాట్ సైజు, పన్ను రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ లెక్క మీ నోట్ చూసే వేసుకోండి. కానీ ఒక్కసారైనా వేసుకోండి.

తొమ్మిది ట్రేడ్లకి 549. దానికి పోగొట్టుకున్న 600 కలిపితే 1,149. పదకొండూ కలిపి ఆ రోజు నికరంగా 971 నష్టం. 10:50కి లాప్‌టాప్ మూసేసి ఉంటే రెండు ట్రేడ్ల ఖర్చు పోగా 178 రూపాయల లాభంతో లేచేవాడు. నెల మొత్తం మీద 146 ట్రేడ్ల ఖర్చు 8,900 దాటింది. లక్షన్నర మీద నెలకి దాదాపు ఆరు శాతం. లాభమా నష్టమా అన్న మాట రాకముందే నెలకి ఆరు శాతం కట్టేయాలి. మా ఊళ్లో అధిక వడ్డీకి అప్పులిచ్చేవాడు కూడా అంత అడిగితే జనం తిడతారు.

ఇక్కడ మావాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఖర్చు రోజూ ఒకటే కదా. మార్కెట్ కదిలిన రోజునా 61, కదలని రోజునా 61. మరి కదలని రోజు ట్రేడే ఎందుకు ఎక్కువ ప్రమాదం?" అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

61 రూపాయలంటే లాట్‌లో ఒక్కోదానికి 80 పైసలు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఇంకో 30 పైసలు అనుకుందాం. మొత్తం రూపాయి పది పైసలు. బాగా కదిలిన రోజున 30 రూపాయల లాభానికి, 30 రూపాయల స్టాప్‌కి ట్రేడ్ చేస్తే గెలిచినప్పుడు 28.90 వస్తుంది, ఓడినప్పుడు 31.10 పోతుంది. నూటికి 52 సార్లు గెలిస్తే గట్టునపడతాం. ఎనిమిది రూపాయల ట్రేడ్ అయితే నూటికి 57 సార్లు గెలవాలి. ఇక ఈగలు తోలే రోజున పదకొండు తర్వాత మావాడు చేసిన మూడు రూపాయల ట్రేడ్లుంటాయే, వాటిలో గెలిస్తే 1.90, ఓడితే 4.10. నూటికి 68 సార్లు గెలిస్తే తప్ప అసలు కూడా మిగలదు. నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లలో కూడా మూడింట రెండుసార్లు గెలిచేవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మావాడు తొమ్మిదింట్లో నాలుగు గెలిచాడు. పైగా కొన్నది ఆప్షన్. మార్కెట్ కదలకుండా ఉన్న కొద్దీ ప్రీమియం కరుగుతూనే ఉంటుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడితే ఇంకా వేగంగా కరుగుతుంది. దిశ తప్పకపోయినా డబ్బు పోయే దారి అది.

కదలని రోజున ట్రేడ్‌లో తెలివి తగ్గుతుందని నేను అనడం లేదు. గెలిస్తే వచ్చేది చిన్నదైపోతుంది, ఖర్చు మాత్రం అంతే ఉంటుంది. అందుకే అదే తెలివి ఆ రోజు సరిపోదు.

సెబీ 2024 జులైలో ఒక అధ్యయనం బయటపెట్టింది. అది షేర్లలో ఇంట్రాడే చేసేవాళ్ల గురించి, 2022-23 లెక్కలు. పది మందిలో ఏడుగురు నష్టపోయారని తేలింది. ఏడాదికి 500 కన్నా ఎక్కువ ట్రేడ్లు చేసినవాళ్లని వేరు చేసి చూస్తే నష్టపోయినవాళ్లు నూటికి 80. ఎక్కువ చేస్తే చెయ్యి తిరుగుతుందని అనుకుంటాం గానీ లెక్క అటు చూపించలేదు. మావాడు జూన్ లెక్కన పోతే ఏడాదికి 1,700 దాటతాడు.

సరే, ఎందుకు చేశాడు? దురాశ అని తేల్చేయడం సులువు. ఆ తొమ్మిది ట్రేడ్లని చూస్తే అందులో ఆశ ఏమీ కనిపించదు. ఎవరైనా ఆశతో రెండు రూపాయలకి అమ్ముకుంటారా? "అప్పుడేం అనుకున్నావురా" అని అడిగితే కాసేపు ఆలోచించి "ఏమీ అనుకోలేదు మావయ్యా, చూసి చూసి విసుగొచ్చింది" అన్నాడు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీలో టిమొతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2014లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. గదిలో చేయడానికి ఉన్న పని ఒక్కటే, మీట నొక్కి తనకు తాను చిన్న కరెంట్ షాక్ ఇచ్చుకోవడం. ఆ షాక్ ఎలా ఉంటుందో వాళ్లకి ముందే చూపించారు. అది బాగాలేదని వాళ్లూ చెప్పారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది కనీసం ఒకసారి నొక్కారు. పావుగంట ఊరికే ఉండలేక. మన తెర మీద ఆ మీట ఆరుంపావు గంటలపాటు వెలుగుతూ ఉంటుంది.

విసుగు ట్రేడ్‌ని కసి ట్రేడ్ నుంచి వేరు చేసి చూడటం నేర్చుకోవాలి, ఎందుకంటే రెంటికీ మందు వేరు. కసి ట్రేడ్ నష్టం వచ్చిన రెండు మూడు నిమిషాల్లోనే పడుతుంది. లాట్లు పెరుగుతాయి, గుండె కొట్టుకుంటుంది. విసుగు ట్రేడ్ చప్పుడు చేయదు. అది లాభం వచ్చిన తర్వాత కూడా వస్తుంది. లాట్ పెరగదు, టార్గెట్ చిన్నది, "చిన్నదే కదా" అనిపిస్తుంది. ట్రేడ్ బుక్‌లో దాన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. ఎగ్జిట్‌కీ తర్వాతి ఎంట్రీకీ మధ్య సమయం రాసుకుంటూ పొండి. మావాడి బుక్‌లో ఆ ఖాళీలు ఇరవై నిమిషాలు, ఇరవై ఐదు, పద్దెనిమిది. గడియారం పెట్టుకుని మందు వేసుకున్నట్టు. వాడి ఓపిక గడువు సుమారు ఇరవై నిమిషాలన్నమాట. మార్కెట్లో ఏమీ జరగకుండా అంతసేపు గడిస్తే వాడే ఏదో ఒకటి జరిపించేవాడు.

రెండో గుర్తు చార్ట్. పొద్దున 15 నిమిషాల క్యాండిల్ చూసేవాడు పదకొండుకి 5 నిమిషాలకి వస్తాడు, పన్నెండున్నరకి 1 నిమిషానికి. ఒక నిమిషం చార్ట్‌లో కదలిక ఎప్పుడూ ఉంటుంది. బండ మీద నీళ్లు పోసి వరద వచ్చిందన్నట్టు. టైమ్‌ఫ్రేమ్ కిందికి మార్చాలని వేలు పోయిందంటే అదే మీకు వార్త. ఆ క్షణం నుంచి మీరు మార్కెట్ చూడటం లేదు, కాలక్షేపం వెతుక్కుంటున్నారు.

ఇక నియమాలు. ఆ ఆదివారం మావాడు పన్నెండు రాసుకున్నాడు. తొమ్మిది కొట్టించాను. ఎక్కువ నియమాలు పెట్టుకునేది కూడా విసుగు పుట్టిన మనిషే.

అన్నింటికన్నా ముందుది, ఇవాళ ఈగలు తోలే రోజో కాదో గడియారం చూసి తేల్చేయడం. మార్కెట్ 9:15కి మొదలవుతుంది. 10:15కి ఆ మొదటి గంటలో నిఫ్టీ గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా ఎంతో రాసుకోవాలి. గత పది రోజుల మొదటి గంట తేడాల సగటు పక్కన పెట్టాలి. ఇవాళ్టిది అందులో సగం కన్నా తక్కువైతే అది ఈగలు తోలే రోజు. మనం విప్పి చూసిన రోజున సగటు 110, ఆ రోజు తేడా 48. సగం 55. తేలిపోయింది. అక్కడి నుంచి ఆ గంట గరిష్ఠానికి పైన ఒక అలర్ట్, కనిష్ఠానికి కింద ఒక అలర్ట్ పెట్టి తెర మూసేయాలి. అలర్ట్ మోగితే తెరవొచ్చు, మోగకపోతే ఆ రోజు అంతే. సగమే ఎందుకు, నలభై శాతం ఎందుకు కాకూడదు అని అడగొచ్చు. అందులో శాస్త్రమేం లేదు. మీ గత మూడు నెలల ట్రేడ్ బుక్ మీద వేసి చూసుకుని మీ అంకె మీరు పెట్టుకోండి. పెట్టుకున్నాక మాత్రం పదకొండు గంటలకి మార్చకూడదు.

10:35కి పుట్ కొని లాభం తీసుకున్న ఆ రెండో ట్రేడ్ కూడా ఈ నియమంతో పోతుందేమోనని మావాడికి దిగులు. పోలేదు. అది మొదటి గంట కనిష్ఠం తెగాక తీసుకున్నదే, అలర్ట్ మోగేది. కానీ పోయే రోజులూ ఉంటాయి. అది చెప్పకుండా దాచను. ఆగస్టులో ఒక రోజు పొద్దుటి నుంచి నిద్రపోయిన మార్కెట్ రెండు దాటాక ఒక్కసారి లేచింది. అలర్ట్ మోగేసరికి మావాడు బ్యాంకులో క్యూలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి నన్ను తిట్టినంత పని చేశాడు. అలాంటిది నెలకి ఒకటో రెండో పోతాయి. వాటిని పట్టుకోవడానికి మిగతా రోజుల్లో ఎంత కట్టాడో జూన్ లెక్క చెబుతూనే ఉంది.

రెండో నియమం చీటీ. ఆర్డర్ పెట్టడానికి కనీసం 15 నిమిషాల ముందు ఒక చిన్న కాగితం మీద మూడు ధరలు రాయాలి. ఏ ధర దాటితే కొంటాను, ఏ ధరకి నష్టంతో బయటికొస్తాను, ఏ ధరకి లాభం తీసుకుంటాను. పక్కన గంట వేయాలి. 15 నిమిషాలు గడవకుండా ఆర్డర్ లేదు. "ఈలోగా ధర పారిపోతే?" అంటారు. మీ పద్ధతిలో ఉన్న ట్రేడ్ అయితే ఆ ధర మీకు ముందే తెలుసు. చీటీ 9:30కే రాసి ఉంటుంది, 9:45 దాటాక 15 నిమిషాల అడ్డు దానికి తగలనే తగలదు. అప్పటికప్పుడు పుట్టిన కోరికకి మాత్రమే తగులుతుంది. నా పాత ఉద్యోగంలో "చేసేయమంటారా?" అన్న ప్రశ్న చేసిన పనే ఇది. చీటీలు సాయంత్రం పారేయకండి, ఒక ఇనపముల్లుకి గుచ్చండి. ఎంట్రీలు ఎక్కువై చీటీలు తక్కువైన రోజు మీకే కనబడుతుంది.

చీటీలో లాభం ధర గురించి ఒక షరతు ఉంది. వచ్చే లాభం ఖర్చుకి కనీసం పది రెట్లు ఉండాలి. మావాడి లెక్కలో 11 రూపాయలు. పదకొండు రూపాయల కదలికకి చోటు లేని రోజున చీటీ రాయడమే కుదరదు. రెండు రూపాయల ట్రేడ్లన్నీ ఇక్కడే రాలిపోతాయి.

మూడోది రోజుకి రెండే ఎంట్రీలు. లాభమొచ్చినా రెండే, నష్టమొచ్చినా రెండే. పద్ధతిలో ఉన్నవే రోజుకి ఒకటి, మహా అయితే రెండు కాబట్టి రెండన్నాను. మీ పద్ధతి నాలుగిస్తే నాలుగు పెట్టుకోండి. రెండో దాని ఎగ్జిట్ అయిన వెంటనే ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ని ఆ రోజుకి ఆపేసుకునే సౌకర్యం చాలామంది బ్రోకర్ల యాప్‌లలో ఉంది. కిల్ స్విచ్ అంటారు. పొజిషన్లు, పెండింగ్ ఆర్డర్లు లేకుండా చూసుకుని నొక్కాలి. మనసుని నమ్ముకోవడం కన్నా ఆ మీటని నమ్ముకోవడం నయం.

ఈ మూడూ జులై రెండో వారంలో మొదలుపెట్టాడు. పది రోజులకి మళ్లీ ట్రేడ్ బుక్ పంపమన్నాను. ట్రేడ్లు తగ్గాయి. లాట్లు చూస్తే రెండు, మూడు. "రెండే ఛాన్సులు కదా మావయ్యా, గట్టిగా కొడదామని" అన్నాడు. ట్రేడ్ల సంఖ్యకి కళ్లెం వేసిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది, చూసుకోండి. నాలుగో నియమం అక్కడ పుట్టింది: లాట్ల సంఖ్య నెల మొదటి రోజున రాసేయాలి, నెలాఖరు దాకా అదే.

ఇంకో పక్కదారి కూడా ఉంది. పగలు నిఫ్టీ మూసేశాక చేతులు ఖాళీ. సాయంత్రం ఎంసీఎక్స్ తెరిచే ఉంటుంది, క్రూడ్, నాచురల్ గ్యాస్ రాత్రి పదకొండు దాటేదాకా కదులుతూనే ఉంటాయి. ఆగస్టులో వాడి కాంట్రాక్ట్ నోట్లలో నాచురల్ గ్యాస్ కనబడింది. గ్యాస్ గురించి నీకేం తెలుసురా అంటే నవ్వాడు. విసుగుకి ఒక తలుపు వేస్తే ఇంకో తలుపు వెతుక్కుంటుంది. అందుకే ట్రేడ్ల లెక్క నిఫ్టీకి వేరు, క్రూడ్‌కి వేరు కాకుండా అకౌంట్ మొత్తానికి ఒకటే పెట్టుకోవాలి.

ఉద్యోగం చేస్తూ పక్కన ట్రేడ్ చేసేవాళ్లకి ఒక మాట. మీ విసుగు మార్కెట్‌ది కాకపోవచ్చు, ఆఫీస్‌ది కావచ్చు. మార్కెట్ బాగానే కదులుతుంటుంది, మీరు మాత్రం సాగిపోయే మీటింగ్‌లో టేబుల్ కింద ఫోన్ తీస్తారు. మొదటి గంట తేడా చూసే నియమం మీకు పనిచేయదు. ట్రేడ్ బుక్‌లోని టైమ్‌ని ఆఫీస్ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. మీ ఎంట్రీలు మీటింగుల్లోనే పడుతుంటే మందు ఒక్కటే: ఫోన్‌లోంచి యాప్ తీసేయడం. ట్రేడ్ చేయాలంటే పొద్దున ఇంట్లో లాప్‌టాప్ మీద కొని, స్టాప్‌లాస్ ఆర్డర్ సిస్టమ్‌లో పెట్టి బయల్దేరడం. అలా కుదరని పద్ధతైతే అది మీ ఉద్యోగంతో కుదరని పద్ధతి.

మధ్యాహ్నం వేళ గురించి కూడా ఒకటి చెప్పాలి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా మన మార్కెట్ మామూలుగానే మందకొడిగా ఉంటుంది. వేసవిలో లండన్ మార్కెట్ మన 12:30కి, చలికాలంలో 1:30కి తెరుచుకుంటుంది. తర్వాత కాస్త కదలిక రావొచ్చు. మావాడి 146 ట్రేడ్లలో మూడో వంతు ఈ గంటన్నరలోనే పడ్డాయి. ఇప్పుడు పదకొండున్నరకి కుక్కర్ పెట్టుకుంటాడు. పప్పు, ఒక కూర, చారు. ఇంకో తెర ముందు కూర్చోవడం కన్నా చేతులకి పని చెప్పడం మేలని వాడే కనిపెట్టాడు. వాళ్లమ్మ సంతోషపడింది.

ఇవన్నీ పాటిస్తే లాభాలొస్తాయని నేను మావాడికి చెప్పలేదు, మీకూ చెప్పను. ట్రేడ్లు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, అంతే. పద్ధతిలో పస లేకపోతే వేగంగా పోయేది మెల్లగా పోతుంది. కానీ 146 ట్రేడ్ల గోలలో వాడి పద్ధతి మంచిదో చెడ్డదో చూద్దామన్నా కనబడలేదు. సగానికి పైగా అసలు వాడి పద్ధతే కాదు కదా.

జులైలో 74, ఆగస్టులో 52, సెప్టెంబర్‌లో 41. సెప్టెంబర్‌లో 41కీ చీటీలున్నాయి, లాట్ ఒక్కటే. ట్రేడ్ల మీద 1,900 లాభం, ఛార్జీలు 2,500. నెల నికరం 600 నష్టం. ఇదే తీరు డిసెంబర్ దాకా సాగితే మళ్లీ ఉద్యోగానికి అప్లై చేస్తానని వాడే అన్నాడు, రెజ్యూమే సరిచేసి పెట్టుకున్నాడు కూడా.